సెక్యూరిటీ కోడ్ మారిందంటే అసలు మారింది ఏమిటి?

వాట్సాప్ చాట్‌లో సందేశాల మధ్య ఒక్కోసారి ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది. ఫలానా వారితో మీ సెక్యూరిటీ కోడ్ మారింది, వివరాలకు నొక్కండి అని దాని సారాంశం. కొందరు దాన్ని చూడగానే తమ ఫోన్ హ్యాక్ అయిందని బెదిరిపోతారు. ఎక్కువమంది అసలు పట్టించుకోరు. ఆ పట్టీ చెప్పేది మాత్రం చాలా చిన్న విషయం: అవతలి ఖాతా వాడుతున్న తాళంచెవి మారింది. ఎందుకు మారిందో, ఇప్పుడు ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. ఆ రెండూ తేల్చుకోవాల్సింది మనమే. అందుకు యాప్ ఇచ్చిన సాధనాలు రెండు, 60 అంకెల సంఖ్య, క్యూఆర్ కోడ్. అవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో తెలియకపోతే వాడినా ఉపయోగం ఉండదు.

ముందు ఒక గందరగోళం వదిలించుకుందాం. వాట్సాప్‌లో కోడ్ అనే మాట మూడు వేర్వేరు వాటికి వాడుతున్నారు. ఖాతా తెరిచేటప్పుడు ఎస్సెమ్మెస్‌లోనో కాల్‌లోనో వచ్చే ఆరంకెల ఓటీపీ ఒకటి. అది రహస్యం, ఎవరికీ చెప్పకూడదు. మనమే పెట్టుకునే ఆరంకెల టూ-స్టెప్ పిన్ రెండోది, అదీ రహస్యమే. మూడోది ఈ 60 అంకెల సెక్యూరిటీ కోడ్. ఇది రహస్యం కానే కాదు. నడిబజారులో చదివి వినిపించినా ఎవరూ దాంతో మీ సందేశాలు చదవలేరు. సెక్యూరిటీ కోడ్ మారింది, మీకొచ్చిన కోడ్ చెప్పండి అని ఎవరైనా అడిగితే వాళ్లకు కావలసింది మొదటిదే. నోటీసు ఎవరినీ ఏ కోడూ అడగదు.

ఆ 60 అంకెలు ఎక్కడివి

వాట్సాప్‌ను ఫోన్‌లో పెట్టి నంబరు రిజిస్టర్ చేసినప్పుడు ఆ ఫోన్‌లోనే ఒక జత తాళంచెవులు తయారవుతాయి. ఒకటి ఫోన్ దాటి బయటికి రాదు. దాని జోడీ బహిరంగమైనది, అది కంపెనీ సర్వర్‌కు వెళుతుంది. మీరు ఎవరికైనా మొదటిసారి సందేశం పంపినప్పుడు మీ యాప్ సర్వర్‌ను అడిగి వాళ్ల బహిరంగ తాళంచెవి తెచ్చుకుంటుంది, దాని ఆధారంగా సందేశానికి తాళం వేస్తుంది. ఈ తాళం వేయడాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అందరి చాట్‌లూ ఇలాగే నడుస్తున్నాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. తాళంచెవి ఇచ్చేది సర్వర్. ఆ సర్వరే తప్పుడు తాళంచెవి ఇస్తే? అప్పుడు మధ్యలో ఒకడు కూర్చుని మీ సందేశం విప్పి చదివి, మళ్లీ తాళం వేసి అవతలికి పంపవచ్చు. ఇటూ అటూ ఎవరికీ అనుమానం రాదు. దీన్ని పట్టుకోవడానికే సెక్యూరిటీ కోడ్ పుట్టింది. మీ ఫోన్ తన దగ్గరున్న రెండు తాళంచెవుల నుంచి, అంటే మీదీ అవతలివారిదీ కలిపి, ఒక సంఖ్య లెక్కకడుతుంది. అవతలి ఫోనూ అదే పని చేస్తుంది. మధ్యలో ఎవరూ లేకపోతే రెండు ఫోన్లలో ఒకే సంఖ్య వస్తుంది. ఎవడైనా దూరి ఉంటే రెండు వైపులా వేర్వేరు తాళంచెవులు చేరతాయి కాబట్టి సంఖ్యలు కలవవు.

లెక్క ఇలా సాగుతుంది. ఒక్కొక్కరి బహిరంగ తాళంచెవినీ ఖాతా గుర్తింపునీ కలిపి ఎస్‌హెచ్‌ఏ-512 అనే గణిత ప్రక్రియలో 5,200 సార్లు తిప్పుతారు. వచ్చిన ఫలితంలో మొదటి 30 బైట్లు తీసుకుని, అయిదేసి బైట్ల చొప్పున ఆరు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క నుంచి అయిదంకెలు వస్తాయి. అలా ఒక మనిషికి 30 అంకెలు, ఇద్దరివీ పక్కపక్కన పెడితే 60. తెరమీద అవి అయిదేసి అంకెల చొప్పున 12 గుంపులుగా కనిపిస్తాయి. అన్నిసార్లు తిప్పడం ఊరికే కాదు. చూడటానికి మీ అంకెల్లాగే ఉండే నకిలీ తాళంచెవిని వెతకాలనుకున్నవాడికి ప్రతి ప్రయత్నమూ అంత ఖరీదవుతుంది.

క్యూఆర్ కోడ్‌లో ఈ అంకెలు కాకుండా ఇద్దరి పూర్తి తాళంచెవులే ఉంటాయి. అందుకే స్కాన్ చేయడం అంకెలు చదవడం కన్నా గట్టి పరీక్ష. పైగా కన్ను పొరబడటానికి అవకాశం లేదు.

60లో సగం మీది, సగం అవతలివారిది అన్న విషయం గుర్తుంచుకుంటే ఒక ఉపయోగం ఉంది. అవతలివారు ఫోన్ మార్చి మీ వైపు ఏమీ మారకపోతే, కొత్త సంఖ్యలో మీ 30 అంకెలు అలాగే ఉండి వాళ్ల 30 మాత్రమే మారతాయి. రెండు సగాలనూ ఒక వరసలో సర్దుతారు కాబట్టి ముందూ వెనకా తారుమారు కావచ్చు, అది చూసి మొత్తం మారిపోయిందనుకోవద్దు. పాత కోడ్ స్క్రీన్‌షాట్ దాచుకున్నవాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే మారింది ఏ సగమో తెలిసిపోతుంది.

ఎప్పుడు మారుతుంది, ఎప్పుడు మారదు

తాళంచెవి యాప్‌తో పాటు పుడుతుంది, యాప్‌తో పాటు పోతుంది. కాబట్టి యాప్ తీసేసి మళ్లీ పెట్టినా, కొత్త ఫోన్‌కు మారినా, ఆండ్రాయిడ్‌లో యాప్ డేటా చెరిపేసినా కోడ్ మారుతుంది. బ్యాకప్ నుంచి పాత చాట్‌లన్నీ తిరిగి తెచ్చుకున్నా సరే, తాళంచెవి మాత్రం కొత్తదే. పాత సందేశాలన్నీ వచ్చేశాయి కదా, కోడ్ ఎందుకు మారిందని కొందరు అడుగుతారు. బ్యాకప్‌లో ఉండేవి సందేశాలు, తాళంచెవి అందులో ఉండదు. ఫోన్ ఆపి వేసినా, యాప్ అప్‌డేట్ అయినా, సిమ్‌ను ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కు మార్చినా కోడ్ మారదు.

కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో లింక్ చేసుకునే పరికరాల సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. 2021 నుంచి లింక్ చేసిన ప్రతి పరికరానికీ సొంత తాళంచెవి ఉంది, సెక్యూరిటీ కోడ్ వాటన్నిటినీ కలుపుకుని లెక్కిస్తుంది. అందువల్ల పరికరం చేర్చినా తీసేసినా కోడ్ మారే అవకాశం ఉందని వాట్సాప్ సహాయ పేజీయే చెబుతుంది. అదే సమయంలో, ప్రధాన ఫోన్ తనదేనని డిజిటల్ సంతకం చేసిన పరికరాన్ని మిగతా ఫోన్లు వాటంతట అవే నమ్మే ఏర్పాటు కూడా ఉంది. లింక్ చేసిన ప్రతిసారీ అందరినీ మళ్లీ సరిచూసుకోమని అడగకుండా ఉండటానికి అలా చేశారు. దీని ఫలితం ఒకటి గుర్తుంచుకోవాలి. మోసగాడు ఎవరి ఖాతాకో తన కంప్యూటర్‌ను దొంగతనంగా లింక్ చేసుకుంటే స్నేహితులకు నోటీసు వచ్చి తీరుతుందని నమ్ముకోకూడదు. దాన్ని పట్టుకోగలిగేది ఖాతాదారు మాత్రమే, తన ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ జాబితా తెరిచి చూసినప్పుడు.

ఇక నోటీసు రావడానికి మిగిలిన రెండు కారణాలే మనం జాగ్రత్త పడాల్సినవి. ఒకటి, ఆ నంబరే ఇంకొకరికి వెళ్లిపోవడం. మన దేశంలో వాడకం లేక మూసేసిన మొబైల్ నంబరును 90 రోజుల పాటు కొత్తవారికి ఇవ్వరు, ఆ తర్వాత ఇవ్వవచ్చు. విదేశాలకు వెళ్లిన బంధువు ఇక్కడి సిమ్‌కు రీఛార్జ్ ఆపేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్లకు వెళ్లవచ్చు. వాళ్లు వాట్సాప్ తెరిచినప్పుడు మీ పాత చాట్‌లోనే ఈ నోటీసు పడుతుంది. ఖాతా 45 రోజులు వాడకుండా ఉండి తర్వాత వేరే ఫోన్‌లో తెరుచుకుంటే, నంబరు చేతులు మారిందని భావించి వాట్సాప్ పాత ఫొటో, పరిచయ వాక్యం తొలగిస్తుంది. నోటీసుతో పాటు ఫొటో కూడా మాయమైతే ఈ కారణాన్ని ముందు అనుమానించాలి. మీ ఫోన్‌బుక్‌లో పేరు మాత్రం పాతదే ఉంటుంది, అదే మనల్ని మోసం చేస్తుంది.

రెండోది ఖాతా చోరీ. ఓటీపీ రాబట్టి, లేదా డూప్లికేట్ సిమ్ తీసుకుని, ఎవరో ఆ నంబరును తమ ఫోన్‌లో రిజిస్టర్ చేసుకుంటారు. కొత్త ఫోన్, కొత్త తాళంచెవి, కాబట్టి నోటీసు. మీ తమ్ముడు కొత్త ఫోన్ కొన్నప్పుడు వచ్చేదీ, మీ తమ్ముడి ఖాతా దొంగ చేతికి పోయినప్పుడు వచ్చేదీ అక్షరం తేడా లేకుండా ఒకే నోటీసు.

ఈ నోటీసులు మొదట ఆపి ఉంటాయి. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో సెక్యూరిటీ నోటిఫికేషన్స్, అక్కడ ఈ ఫోన్‌లో చూపించమనే మీట ఆన్ చేయాలి. ఎవరి ఫోన్‌లో ఆన్ చేస్తే వాళ్లకే కనిపిస్తాయి. ఆపి ఉన్నా ఎన్‌క్రిప్షన్ పని చేస్తూనే ఉంటుంది, తాళంచెవి మారిన సంగతి చెప్పరు, అంతే. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఇది ఆన్ చేసి వదిలేస్తే సరిపోదన్నది నా అభిప్రాయం. నెలకు నాలుగు నోటీసులు చూసి, నాలుగూ ఉత్తవే అని తేలాక అయిదోదాన్ని ఎవరూ చూడరు. డబ్బు అడగగల సంబంధం ఉన్న పదిమంది విషయంలో మాత్రం నోటీసు వస్తే ఫోన్ చేయాలి అని చెప్పి ఆన్ చేస్తే ఉపయోగం.

ఒక సాయంత్రం సంగతి

ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో సుజాత, హైదరాబాద్‌లో ఆమె తమ్ముడు కిరణ్. సాయంత్రం 7:40కి కిరణ్ చాట్‌లో కోడ్ మారిన నోటీసు పడింది. 7:55కి సందేశం వచ్చింది: "అక్కా, నా యూపీఐ పని చేయట్లేదు. ఈ నంబరుకి 25 వేలు కొట్టు, పొద్దున్నే వేసేస్తా."

సుజాతకు అనుమానం వచ్చి నోటీసు నొక్కింది. ఎన్‌క్రిప్షన్ పేజీ తెరుచుకుంది, క్యూఆర్ కోడ్, దాని కింద 60 అంకెలు ఉన్నాయి. యాప్ తనంతట తానే సరిచూసి అంతా సవ్యమని చూపించింది. ఇంకా నమ్మకం కుదరక చాట్‌లోనే అడిగింది: "నీ ఫోన్‌లో కోడ్ ఎంత చూపిస్తుందో పంపు." నిమిషంలో స్క్రీన్‌షాట్ వచ్చింది. 12 గుంపులూ పొల్లుపోకుండా కలిశాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ పరీక్షలన్నీ నెగ్గినా అవతల ఉన్నది దొంగే కావచ్చు. ఎందుకంటే ఆ ఖాతా ఇప్పుడు నిజంగానే దొంగ ఫోన్‌లో రిజిస్టర్ అయి ఉంది. సుజాత ఫోన్‌కూ దొంగ ఫోన్‌కూ మధ్య ఎవరూ లేరు, ఎన్‌క్రిప్షన్ పక్కాగా ఉంది, అందుకే అంకెలు కలిశాయి. కోడ్ కలిసిందంటే దారి మధ్యలో ఎవరూ లేరని రుజువు. దారి చివర ఉన్నది కిరణ్ అని రుజువు కాదు. ఆ రెండో సంగతి తేలాలంటే అంకెలు చెప్పే మనిషి కిరణే అని వేరే దారిలో తెలియాలి. చాట్‌లోనే కోడ్ అడగడమంటే దొంగనే సాక్ష్యం అడగడం.

యాప్ తనంతట తాను చేసే పరీక్షకూ ఇదే హద్దు. 2023 ఏప్రిల్‌లో వాట్సాప్ ఒక ఏర్పాటు ప్రకటించింది. ఖాతాల బహిరంగ తాళంచెవులన్నీ ఒక చిట్టాలో చేరతాయి. కొత్త పద్దు చేర్చడమే తప్ప పాతది గుట్టుగా మార్చడం కుదరకుండా ఆ చిట్టాను కట్టారు. ఎన్‌క్రిప్షన్ పేజీ తెరవగానే మీ యాప్ తన దగ్గరున్న తాళంచెవి ఆ చిట్టాలోదే అవునో కాదో చూస్తుంది. సర్వర్ మీకొక తాళంచెవి, మిగతావాళ్లకు మరొకటి చూపించే మోసం దీనికి దొరుకుతుంది. ఓటీపీ దొంగిలించి రిజిస్టర్ చేసిన తాళంచెవి మాత్రం చిట్టాలో సక్రమంగానే నమోదవుతుంది. పెద్ద ఎత్తున నిఘా పెట్టేవాడిని ఆపడానికి ఈ పరీక్ష బ్రహ్మాండమైనది. 25 వేలు కొట్టేయాలని చూసేవాడికి అది అడ్డు రాదు. మనలో ఎక్కువమందికి ఎదురయ్యేది రెండోవాడే.

సుజాత చేయాల్సింది ఏమిటంటే, మామూలు ఫోన్ కాల్. వాట్సాప్ కాల్ కాదు, అది దొంగ ఫోన్‌లోనే మోగుతుంది. సిమ్ కిరణ్ దగ్గరే ఉంటే మామూలు కాల్ అతనికే వెళుతుంది. "కొత్త ఫోన్ కొన్నా అక్కా, ఇప్పుడే వాట్సాప్ వేశా" అని అతనంటే ఒక సంగతి. "సాయంత్రం నుంచి నా వాట్సాప్ లాగౌట్ అయిపోయింది, మళ్లీ తెరుచుకోవట్లేదు" అంటే ఇంకో సంగతి, అక్కడితో విషయం తేలిపోయినట్టే.

మామూలు కాల్‌కూ ఒక చిల్లు ఉంది. డూప్లికేట్ సిమ్ తీసి ఉంటే మామూలు కాల్ కూడా దొంగకే పోతుంది. ఏదో ఒక నంబరు డయల్ చేయించి కాల్ ఫార్వర్డింగ్ పెట్టించి ఉన్నా అంతే, వాట్సాప్ ఓటీపీ కాల్ రూపంలో అతనికే చేరిపోవడం కూడా అలాగే జరుగుతుంది. గొంతు తేడాగా ఉన్నా, మోగి మోగి ఆగిపోతున్నా, ఎత్తగానే కట్ చేసి చాట్‌లో మీటింగ్‌లో ఉన్నా అని రాసినా ఇంకో దారి వెతకాలి. మరదలికో, పక్కింటివాళ్లకో, ఆఫీసు నంబరుకో చేయాలి. డబ్బు అంతవరకూ ఆగుతుంది.

ఖాతా పోయిందని తేలితే కిరణ్ చేయాల్సిన మొదటి పని తన ఫోన్‌లో తన నంబరుతో మళ్లీ రిజిస్టర్ కావడం. ఓటీపీ అతని సిమ్‌కే వస్తుంది, అది కొట్టిన మరుక్షణం దొంగ ఫోన్‌లో ఖాతా మూసుకుపోతుంది. ఈలోగా దొంగ టూ-స్టెప్ పిన్ పెట్టి ఉంటే యాప్ ఆ పిన్ కూడా అడుగుతుంది. కిరణ్‌కు తెలియదు కాబట్టి 7 రోజులు ఆగాల్సి వస్తుంది. అయినా ఓటీపీ కొట్టడం మానకూడదు, ఎందుకంటే పిన్ తెలియకపోయినా దొంగ మాత్రం అప్పుడే బయటికి పోతాడు. కాల్ ఫార్వర్డింగ్ అనుమానం ఉంటే అన్ని ఫార్వర్డింగులనూ రద్దు చేసే ఈ కోడ్ ముందుగా డయల్ చేయాలి:

```
##002#
```

ఖాతా చేతికొచ్చాక లింక్డ్ డివైసెస్‌లో తెలియనివన్నీ తీసేసి, సొంత టూ-స్టెప్ పిన్ పెట్టుకుని, దానికి ఈమెయిల్ జోడించాలి. ఎవరైనా అప్పటికే డబ్బు పంపి ఉంటే వాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కిరణ్ తిరిగి రిజిస్టర్ కాగానే సుజాత ఫోన్‌లో రెండో నోటీసు పడుతుంది. మళ్లీ కొత్త తాళంచెవి పుట్టింది మరి. ఈసారి నోటీసు మంచి వార్త. అయితే రెండు నోటీసులూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఇప్పుడు చేసే సరిచూపు అసలైన సరిచూపు కావాలి.

సరిచూసే పద్ధతి

ఇద్దరూ ఒకచోట ఉంటే పని అర నిమిషంలో అయిపోతుంది. చాట్ తెరిచి పైన పేరు నొక్కాలి, వచ్చిన పేజీలో ఎన్‌క్రిప్షన్ అన్నది నొక్కాలి. ఇద్దరూ ఒకరి చాట్‌లో ఒకరు ఇదే పని చేయాలి. తర్వాత ఒకరు స్కాన్ కోడ్ నొక్కి అవతలి ఫోన్ తెర మీదున్న క్యూఆర్‌కు కెమెరా పెట్టాలి. కలిస్తే ఆకుపచ్చ టిక్ వస్తుంది. కెమెరా పనిచేయకపోతే అంకెలు చూసుకున్నా చాలు. ఈ పని బయటి స్కానర్ యాప్‌తో గానీ యూపీఐ యాప్‌తో గానీ కాదు, వాట్సాప్‌లోని ఆ పేజీ నుంచే చేయాలి. లింక్డ్ డివైసెస్‌లో ఉండే స్కానర్‌తో దీన్ని కలపకూడదు. అది పరికరాన్ని ఖాతాకు తగిలించేది. సెక్యూరిటీ కోడ్ స్కాన్ చేద్దామని ఎవరైనా మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్తుంటే ఆపేయండి, వాళ్లు మీ ఖాతాను తమ కంప్యూటర్‌కు లింక్ చేయించుకుంటున్నారు.

దూరంగా ఉంటే ఫోన్ కాల్‌లో అంకెలు చదువుకోవాలి. ఒకరు ఒక గుంపు చదివితే అవతలివారు తర్వాతి గుంపు చదవడం మంచి పద్ధతి. మొదటి నుంచీ ఒకరే చదువుతూ పోతే వినేవాళ్లు తెర చూడకుండానే ఆఁ ఆఁ అనేస్తారు. 12 గుంపులూ చదవాలి. మొదటి గుంపూ చివరి గుంపూ చూసి వదిలేస్తే అసలు మారిన సగాన్ని సరిగా చూడనట్టే అవుతుంది. అంకెలు తెలుగులో చదివినా ఇంగ్లీషులో చదివినా ఫరవాలేదు, ఇద్దరూ ఒకటే పద్ధతి పాటించాలి. అయిదంకెల్ని పదివేలూ వేలూ అని కాకుండా విడివిడిగా చదివితే తప్పు దొర్లదు. మీకు బాగా తెలిసిన గొంతు కావాలన్నదే ఇక్కడ అసలు షరతు. వీడియో కాల్ ఇంకా మేలు, అది వేరే యాప్‌లో అయితే. ఈ రోజుల్లో గొంతులు అనుకరించే సాధనాలున్నాయి కాబట్టి, పెద్ద మొత్తాల విషయమైతే ఇంట్లోవాళ్లకు తప్ప తెలియని ప్రశ్న ఒకటి అడగడంలో నామోషీ ఏమీ లేదు.

కలవకపోతే? వెంటనే ఎవరో దూరారనుకోనక్కర్లేదు. ఎక్కువసార్లు కారణం మామూలుదే. అవతలివారికి రెండు నంబర్లు ఉండి, మీరు తెరిచింది ఒకటి, వాళ్లు తెరిచింది ఇంకొకటి అయి ఉంటుంది. మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ ఒకే ఫోన్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఇది తరచూ జరుగుతుంది. లేదా వాళ్లు మీ చాట్ బదులు మీ ఇంట్లో వేరొకరి చాట్ తెరిచి ఉంటారు. పేరు కాకుండా నంబరు చూసుకుంటే ఇది తేలుతుంది. ఇంకో కారణం, వాళ్లు ఇప్పుడే యాప్ మళ్లీ పెట్టుకున్నారు లేదా పరికరం చేర్చారు, మీ ఫోన్‌కు ఆ కొత్త సమాచారం ఇంకా అందలేదు. అప్పుడు చాట్‌లో ఒక సందేశం పంపి, అది చేరాక ఎన్‌క్రిప్షన్ పేజీ మూసి మళ్లీ తెరిస్తే కోడ్ తాజా అవుతుంది. నంబర్లు సరిగానే ఉండి, సందేశాలు చేరి, పేజీ తాజా అయ్యాక కూడా కలవకపోతే అప్పుడు ఆ చాట్‌లో ముఖ్యమైనదేమీ రాయకూడదు. ఇద్దరి లింక్డ్ డివైసెస్ జాబితాలూ చూడాలి, ఆ తర్వాత అవసరమైతే యాప్ తీసి మళ్లీ పెట్టి మొదటి నుంచి సరిచూసుకోవాలి.

ఒక్క టిక్ ఉన్న సందేశాలు

నోటీసు వచ్చేలోపే పంపేసిన సందేశాల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అవతలివారి ఫోన్ ఆపి ఉన్నప్పుడు పంపిన సందేశం ఒక్క టిక్‌తో ఆగుతుంది. ఆ తర్వాత ఆ నంబరు కొత్త ఫోన్‌లో రిజిస్టర్ అయితే, మీ వాట్సాప్ ఆ ఆగిన సందేశాలకు కొత్త తాళంచెవితో మళ్లీ తాళం వేసి పంపేస్తుంది. మిమ్మల్ని అడగదు. నోటీసు ఆన్ చేసి ఉంటే పంపాక చెబుతుంది. 2017 జనవరిలో ఈ విషయం మీద పెద్ద రగడ జరిగింది. దీన్ని దొంగదారి అని ఒక బ్రిటిష్ పత్రిక రాసింది, అది దొంగదారి కాదు, ఎంచుకున్న పద్ధతి అని భద్రతా నిపుణులు చాలామంది అభ్యంతరం చెప్పారు. ఫోన్ మార్చినవాళ్ల సందేశాలు గాలిలో కలిసిపోకూడదని వాట్సాప్ అలా పెట్టింది. సిగ్నల్ యాప్ ఇంకో దారి పట్టింది. అక్కడ మీరు ఒకరిని సరిచూసి వెరిఫైడ్ అని గుర్తు పెట్టుకుంటే, వాళ్ల సంఖ్య మారినప్పుడు మీరు ఒప్పుకునేదాకా కొత్త సందేశం వెళ్లదు. వాట్సాప్‌లో అలా నిలిచి ఉండే గుర్తు లేదు, ఆకుపచ్చ టిక్ ఆ క్షణానికి సంబంధించిందే.

కాబట్టి కిరణ్ ఫోన్ మధ్యాహ్నం ఛార్జింగ్ అయిపోయి ఆగి ఉండగా సుజాత బ్యాంకు వివరాలు పంపి ఉంటే, 7:40కి అవి దొంగ ఫోన్‌కు చేరి ఉంటాయి. రెండు టిక్‌లు పడ్డ సమయాన్ని సందేశాన్ని నొక్కిపట్టి చూసుకోవచ్చు. ఇంకా ఒక్క టిక్ మీదే ఉన్నవాటిని అందరికీ డిలీట్ చేసేస్తే మంచిది. ఇంతకుముందే కిరణ్ చదివిన పాత సందేశాలు మాత్రం దొంగకు వాటంతట అవి రావు, అవి కిరణ్ ఫోన్‌లోనూ అతని బ్యాకప్‌లోనూ ఉన్నాయి. గ్రూపుల సంగతి వేరు. ఖాతా ఆ గ్రూపుల్లో సభ్యుడిగానే ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రం గ్రూపుల్లో వచ్చిన కొత్త సందేశాలన్నీ దొంగ చదివి ఉంటాడు, కిరణ్ పేరుతో రాసి కూడా ఉంటాడు. అందుకే ఖాతా తిరిగి రాగానే కిరణ్ ప్రతి గ్రూపులోనూ 7:40 నుంచి తాను తిరిగి తెరుచుకున్న సమయం వరకు వచ్చిన సందేశాలు తనవి కావని గంటలతో సహా రాయాలి. అతని పేరుతో వెళ్లిన ఆ సందేశాలు అతని ఫోన్‌లో కనిపించకపోవచ్చు, చూసినవాళ్లనే అడిగి తెలుసుకోవాలి.